మెడికల్‌లో ఆగిపోయే ఎక్స్‌రే

దగ్గు లేదు, జ్వరం లేదు, రోజూ పత్తి బేళ్లు మోసే ఒళ్లు. అలాంటి మనిషి ఆదోని నుంచి రాత్రి బస్సెక్కి హైదరాబాదు వెళ్లి, సౌదీ వీసా కోసం మెడికల్ చేయించుకుని, ‘అన్‌ఫిట్’ అనిపించుకుని తిరిగి రావడం కొత్త సంగతి కాదు. కారణం అడిగితే ఎక్స్‌రేలో మచ్చ అంటారు. ఎప్పుడో ఏడెనిమిదేళ్ల కింద వచ్చి, ఆరు నెలలు మాత్రలు మింగాక పూర్తిగా తగ్గిపోయిన క్షయ వదిలిన గుర్తు అది. అదే ఎక్స్‌రే ఇంగ్లండ్ వీసా కోసం తీయించుకుని ఉంటే జవాబు వేరుగా వచ్చేది. రెండు నెలలు ఆలస్యమైనా చివరికి సర్టిఫికెట్ చేతికి వచ్చే అవకాశం ఎక్కువ.

ఊపిరితిత్తి ఒకటే, మచ్చా ఒకటే. తీర్పులు మాత్రం రెండు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే వలస వైద్య పరీక్షల సంగతి చాలావరకు తెలిసినట్టే. ఏ క్లినిక్‌కు వెళ్లాలో ఎవరు తేలుస్తారు, ఏం చూస్తారు, ఆ కాగితం ఎన్నాళ్లు చెల్లుతుంది అన్నవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

పశ్చిమ కర్నూలులో వలస అనగానే ముందు గుర్తొచ్చేది సుగ్గి. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకూ, తెలంగాణ పత్తి చేలకూ వెళ్తాయి. దానికి ఏ మెడికల్లూ అక్కర్లేదు. దేశం దాటే వలస వేరు. ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి గల్ఫ్‌కు డ్రైవర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లున్నారు. ఇంజనీరింగో డిగ్రీయో పూర్తి చేసి బ్రిటన్‌కో కెనడాకో చదువుకు వెళ్లే పిల్లలూ ఉన్నారు. చేతిలోని పాస్‌పోర్టులు ఒకే రంగువైనా, వీళ్లు వైద్య పరీక్షకు వెళ్లే దారులు పూర్తిగా వేరు.

ముందు గల్ఫ్ దారి చూద్దాం. ఇప్పటికీ జనం నోట ‘గామ్కా’ అన్న పేరే ఉంది కానీ, ఆ పని ఇప్పుడు వాఫిద్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా సాగుతోంది. సౌదీ, కువైట్, ఒమన్, బహ్రెయిన్, ఖతర్, యూఏఈ ఆరు దేశాలకూ కలిపి ఉన్న గల్ఫ్ ఆరోగ్య మండలి దీన్ని నడుపుతుంది. wafid.com లో పాస్‌పోర్టు వివరాలు, వెళ్లే దేశం, పరీక్ష చేయించుకునే నగరం ఇచ్చి పది డాలర్ల రుసుము కడితే స్లిప్పు వస్తుంది. మామూలు స్లిప్పులో కేంద్రం ఏదన్నది మనం ఎంచుకోం, వ్యవస్థే కేటాయిస్తుంది. ఏజెంటూ కేంద్రమూ కుమ్మక్కై రిపోర్టులు రాయించుకోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. పరీక్ష రుసుము వేరుగా కేంద్రంలో కట్టాలి. ఖతర్‌కు మాత్రం 2019 నుంచి వేరే పద్ధతి నడుస్తోంది. హైదరాబాదుతో పాటు మరికొన్ని నగరాల్లో ఖతర్ వీసా కేంద్రాలు తెరిచి, వేలిముద్రలు, వైద్య పరీక్ష, ఉద్యోగ ఒప్పందం మీద సంతకం అన్నీ ఒకే కప్పు కింద పూర్తి చేస్తున్నారు.

గల్ఫ్ పరీక్షలో చాలా చూస్తారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్‌కు రక్తం తీస్తారు. మలేరియా చూస్తారు. మూత్రం, మలం, కాలేయం, మూత్రపిండాల పనితీరు, చక్కెర, రక్తపోటు, కంటిచూపు, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. ఆడవాళ్లకు గర్భ పరీక్ష కూడా చేస్తారు. వీటిలో కొన్ని చికిత్సతో సర్దుకునేవి. చక్కెర అదుపు తప్పి ఉంటే మందులు వాడి మళ్లీ రావచ్చు. కొన్నింటికి వెనక్కి తిరగడం లేదు. హెపటైటిస్ బీ వైరస్ ఒంట్లో ఉన్నట్టు తేలితే, ఆ మనిషికి ఏ బాధా లేకపోయినా అన్‌ఫిటే. క్షయ విషయంలో గల్ఫ్ నిబంధన మరీ కఠినం. ఇప్పుడున్న క్షయే కాదు, ఎప్పుడో వచ్చి మానిన క్షయ తాలూకు సున్నపు చుక్క, నారకట్టిన గీత, పొర మందమెక్కిన జాడ, వీటిలో ఏది కనిపించినా అన్‌ఫిట్ అనే రాస్తారు.

ఒకసారి అన్‌ఫిట్ పడిందంటే అది ఆ కేంద్రం గోడల మధ్య ఉండిపోదు. పాస్‌పోర్టు నంబరు మీద వ్యవస్థలో నమోదై, ఆరు దేశాలకూ కనిపిస్తుంది. ‘బెంగళూరులో ఇంకోచోట చేయిద్దాం, అక్కడ మనవాళ్లున్నారు’ అని ఎవరైనా డబ్బడిగితే ఆ మాట నమ్మడానికి లేదు. ఫిట్ అని చేతికిచ్చిన కాగితం నిజమైనదో కాదో కూడా అదే సైటులో పాస్‌పోర్టు నంబరుతో ఎవరికి వారే చూసుకోవచ్చు. అక్కడ కనిపించని ఫిట్ కాగితం కాన్సులేట్‌లోనూ పనికిరాదు.

ఇంతకీ ఆ మచ్చ ఏమిటి?

క్షయ సూక్ష్మజీవి ఊపిరితిత్తిలో, ముఖ్యంగా పైభాగంలో కణజాలాన్ని తినేస్తుంది. మందులతో సూక్ష్మజీవి చచ్చాక శరీరం ఆ గాయాన్ని నారలాంటి గట్టి కణజాలంతో పూడుస్తుంది. కొన్నిచోట్ల సున్నం పేరుకుంటుంది. మోకాలి మీద చిన్నప్పటి దెబ్బ తాలూకు మచ్చలాగే ఇదీ జీవితాంతం ఉండిపోతుంది. చిక్కేమిటంటే, ఎక్స్‌రే అంటే నీడల బొమ్మ. గాలి నల్లగా, గట్టి కణజాలం తెల్లగా కనిపిస్తాయి. ఆ తెల్లని గీత ఇప్పుడు మండుతున్న రోగమా, పదేళ్ల కింద ఆరిన రోగమా అన్నది ఒక్క ఫిల్ము చూసి కచ్చితంగా చెప్పడం ఎంతటి రేడియాలజిస్టుకైనా కష్టమే. బొమ్మలో చోటు కనిపిస్తుంది, కాలం కనిపించదు.

చూసే కళ్ల మధ్య కూడా తేడాలుంటాయి. 1940లలో అమెరికాలో క్షయ ఎక్స్‌రేల మీద జరిగిన అధ్యయనాలు వైద్య లోకాన్ని కుదిపాయి. ఒక నిపుణుడు రోగముందన్న ఫిల్ముల్లో దాదాపు మూడో వంతుకు ఇంకో నిపుణుడు లేదన్నాడు. అంతకంటే ఆశ్చర్యం, అదే మనిషి అవే ఫిల్ములను కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూసి ఐదో వంతు దాకా తన తీర్పునే మార్చుకున్నాడు. ఇప్పటి డిజిటల్ యంత్రాలు బొమ్మ నాణ్యతను పెంచాయి కానీ ఆ మూల సమస్య పూర్తిగా పోలేదు.

మామూలు పొరపాట్లూ ఉంటాయి. ఎక్స్‌రే గదిలో చొక్కా, గొలుసు, మెడలోని తాయెత్తు, లోదుస్తుల కొక్కెం తీయమనేది అందుకే. పొడవైన జడ భుజం మీదుగా ముందుకు పడి ఉంటే, సరిగ్గా క్షయ కూర్చునే పైభాగం మీదే దాని నీడ పడి మచ్చలా కనిపిస్తుంది. ఊపిరి నిండా పీల్చి బిగబట్టకపోతే ఊపిరితిత్తి అడుగు మసకబారుతుంది. భుజాలు ముందుకు తిప్పి నిలబడకపోతే భుజపుటెముకలు బొమ్మకు అడ్డొస్తాయి. టెక్నీషియన్ ‘గట్టిగా గాలి పీల్చి ఆపండి’ అన్న ఆ కొద్ది క్షణాలు జాగ్రత్తగా నిలబడితే రెండోసారి తీయించుకునే అవసరం చాలావరకు తప్పుతుంది.

ఎక్స్‌రేను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న రాయలసీమకు కొత్తది కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ శానటోరియంలో డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమొట్ మోలర్ ఏళ్ల తరబడి పనిచేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే ఆ చుట్టుపక్కల ఊళ్ల మీద ఎక్స్‌రే సర్వేలు జరిగాయి. తర్వాత మన దేశపు క్షయ కార్యక్రమం రోగ నిర్ధారణకు ప్రధానంగా కళ్లె పరీక్ష మీద ఆధారపడుతూ వచ్చింది. నీడ అనుమానాన్ని కలిగిస్తుంది, ఆ అనుమానం నిజమో కాదో తేల్చేది మాత్రం కళ్లెలోని సూక్ష్మజీవే.

గల్ఫ్ నిబంధన ఆ రెండో మెట్టు ఎక్కదు. అనుమానం దగ్గరే తలుపు మూసేస్తుంది. లక్షలాది మంది కార్మికులను కొద్ది రోజుల్లో వడపోయాలి, ఒక్కో గదిలో ఎందరో కలిసి పడుకునే క్యాంపుల్లోకి రోగం రాకూడదు అన్నది ఆ దేశాల లెక్క కావచ్చు. వైద్యం దృష్టితో చూస్తే మాత్రం ఇది అన్యాయమే. చికిత్స పూర్తిచేసి నయమైన మనిషి ఎవరికీ రోగం అంటించడు. ఆరు నెలలు మాత్రలు క్రమం తప్పకుండా మింగినవాడికి దక్కాల్సింది శిక్ష కాదు.

ఇప్పుడు అదే ఎక్స్‌రే రెండో దారిలో ఎలా నడుస్తుందో చూద్దాం. క్షయ లక్ష మందికి 40 కంటే ఎక్కువ ఉన్న దేశాల నుంచి ఆరు నెలలకు మించి ఉండటానికి వచ్చేవాళ్లు ముందే పరీక్ష చేయించుకోవాలని బ్రిటన్ నియమం పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో భారత్‌లో ఆ సంఖ్య 195. అంతకుముందు లండన్ హీత్రూ, గాట్విక్ విమానాశ్రయాల్లో దిగినవాళ్లకు ఎక్స్‌రే తీసేవాళ్లు. 2012లో ఆ పద్ధతిని వదిలి, బయలుదేరే దేశంలోనే పరీక్ష చేయించే పద్ధతికి మారతామని ప్రకటించి, తర్వాతి రెండేళ్లలో దాన్ని దశలవారీగా అమల్లోకి తెచ్చారు.

బ్రిటన్‌కు ఎక్కడ పడితే అక్కడ తీయించుకున్న ఎక్స్‌రే చెల్లదు. ఆదోనిలోనో కర్నూలులోనో పేరున్న ఛాతీ వైద్యుడు రాసిచ్చిన సర్టిఫికెట్ కూడా చెల్లదు. బ్రిటన్ ప్రభుత్వం తన సైటులో ప్రకటించే జాబితాలోని క్లినిక్‌కే వెళ్లాలి. పశ్చిమ కర్నూలు వాళ్లకు అలవాటైన దారులు హైదరాబాదు, బెంగళూరు. జాబితా మారుతుంటుంది కాబట్టి బస్సు టికెట్ కొనే ముందు చూసుకోవడం మంచిది.

ఈ జాబితాలోకి చేరడానికి క్లినిక్ దగ్గర మంచి యంత్రం ఉంటే సరిపోదు. ఎక్స్‌రే చదివే రేడియాలజిస్టు అర్హతలు చూస్తారు. కళ్లె పరీక్షించే ప్రయోగశాల నాణ్యత చూస్తారు. వచ్చిన మనిషీ పాస్‌పోర్టులోని మనిషీ ఒక్కరేనని ప్రతి మెట్టులో తేల్చే పద్ధతి ఉందా అని చూస్తారు. తర్వాత కూడా తనిఖీలు ఆగవు. చదివిన ఎక్స్‌రేలను మళ్లీ చదివిస్తారు. తేడాలుంటే జాబితాలోంచి తీసేస్తారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లదీ దాదాపు ఇదే తీరు. అవి నియమించే వైద్యులను ప్యానెల్ ఫిజిషియన్లంటారు. అమెరికాకైతే కాన్సులేట్లు నియమిస్తాయి, ఎలా పరీక్షించాలన్న నిబంధనలు ఆ దేశపు సీడీసీ సంస్థ రాస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ప్యానెల్ వైద్యుడు వీసా ఇవ్వడు, ఆపడు. తాను చూసింది నమోదు చేసి పంపుతాడు. నిర్ణయం ఆ దేశపు అధికారిది. అందుకే ‘డాక్టరుతో మాట్లాడతాం’ అనే మధ్యవర్తి మాటకు విలువ లేదు.

ఒక ఉదాహరణను తేదీలతో సహా నడిపి చూద్దాం. ఎమ్మిగనూరు కుర్రాడొకడు సెప్టెంబరు చివర్లో బ్రిటన్‌లో ఎమ్మెస్సీ మొదలుపెట్టాలనుకుందాం. ఇంటర్ చదివేటప్పుడు అతనికి క్షయ వచ్చి, ప్రభుత్వాసుపత్రి మందులతో నయమైంది. జూన్ 1న హైదరాబాదులో ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో గీతలు కనిపించాయి. మచ్చ లేకపోయి ఉంటే దాదాపు అప్పటికప్పుడే సర్టిఫికెట్ చేతికొచ్చేది. ఇప్పుడు కళ్లె ఇవ్వాలి. మూడు రోజులు వరసగా, పొద్దున్నే, క్లినిక్‌లోనే, సిబ్బంది చూస్తుండగా ఇవ్వాలి. ఇంటి నుంచి డబ్బాలో తెస్తే తీసుకోరు. ఇంకొకరి కళ్లె తెచ్చే మోసం ప్రపంచమంతటా జరిగింది కాబట్టే ఈ కాపలా. లాలాజలం పనికిరాదు, లోతుగా దగ్గి ఛాతీలోంచి తీయాలి. ఎంత దగ్గినా రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పిస్తారు.

ఆ కళ్లెను రెండు విధాలుగా చూస్తారు. మొదటిది రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటం. ఒకటి రెండు రోజుల్లో తేలుతుంది. కానీ సూక్ష్మజీవులు వేలల్లో ఉంటేనే కంటికి దొరుకుతాయి, తక్కువుంటే తప్పించుకుంటాయి. రెండోది కల్చర్. కోడిగుడ్డు కలిపి గట్టిపరిచిన మాధ్యమంలోనో, పోషకాలున్న ద్రవంలోనో కళ్లెను ఉంచి సూక్ష్మజీవి పెరుగుతుందేమో కనిపెట్టడం. విరేచనాలు కలిగించే ఈ-కోలై లాంటి సూక్ష్మజీవి అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. క్షయ సూక్ష్మజీవి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పెరగలేదని ధైర్యంగా చెప్పాలంటే ద్రవంలో ఆరు వారాలు, గట్టి మాధ్యమంలో ఎనిమిది వారాలు ఆగాలి. క్లినిక్‌కు ఎంత డబ్బు కట్టినా, ఎంత పలుకుబడి ఉన్నా ఈ ఎనిమిది వారాలను తగ్గించలేరు.

రెండు గంటల్లో తేల్చే జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రం జిల్లాల్లో కూడా ఉంది కదా, అది చాలదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ యంత్రం సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని పట్టుకుంటుంది. చచ్చిన సూక్ష్మజీవిలోనూ ఆ పదార్థం కొన్నాళ్లు మిగిలి ఉంటుంది. కాబట్టి గతంలో చికిత్స అయినవాడి విషయంలో అది పొరపాటున ‘ఉంది’ అనవచ్చు. కల్చర్‌లో పెరిగేది బతికున్నది మాత్రమే.

కల్చర్ విలువ అమెరికాకు ఒక చేదు అనుభవంతో తెలిసొచ్చింది. 2004, 2005 సంవత్సరాల్లో థాయ్‌లాండ్ శిబిరం నుంచి తీసుకెళ్లిన హ్మాంగ్ శరణార్థుల్లో మందులకు లొంగని క్షయ బయటపడింది. అప్పటిదాకా మైక్రోస్కోపు పరీక్షతోనే సరిపెట్టేవాళ్లు. 2007లో నిబంధనలు మార్చి, ఎక్స్‌రేలో అనుమానం ఉన్నవాళ్లకు కల్చర్ తప్పనిసరి చేశారు. క్షయ తేలితే సిబ్బంది కళ్ల ముందే మందులు మింగించే చికిత్స పూర్తయ్యాకే ప్రయాణమని కూడా అప్పుడే చేర్చారు.

మన ఎమ్మిగనూరు కుర్రాడి దగ్గరికి వద్దాం. జూన్ మొదటి వారంలో కళ్లె ఇచ్చాడు. ఆగస్టు మొదటి వారానికి మూడు నమూనాల్లోనూ ఏమీ పెరగలేదని తేలి సర్టిఫికెట్ వచ్చింది. అప్పుడు వీసాకు దరఖాస్తు పెడితే మామూలుగా పట్టే మూడు వారాలు పట్టినా ఆగస్టు చివరికి చేతిలో వీసా ఉంటుంది. ఇదే కుర్రాడు ‘అందరికీ ఒక్క రోజులో ఇస్తున్నారు కదా’ అని జూలై 25న వెళ్లి ఉంటే? కల్చర్ ఫలితం సెప్టెంబరు నాలుగో వారానికి వస్తుంది. కాలేజీలో చేరే గడువు దాటిపోతుంది. కట్టిన ఫీజు, తీసుకున్న అప్పు, అన్నీ జనవరి బ్యాచ్ దాకా వేలాడతాయి. క్షయ చరిత్ర ఉన్నవాళ్లు అడ్మిషన్ ఖాయమవగానే పరీక్షకు వెళ్లాలనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. ఒకవేళ కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగితే చికిత్స పూర్తయ్యేదాకా సర్టిఫికెట్ ఉండదు. కానీ అక్కడితో తలుపు మూసుకోదు. చికిత్స అయ్యాక మళ్లీ పరీక్షకు రావచ్చు.

ఇలాంటివాళ్లు వెంట తీసుకెళ్లాల్సినవి రెండున్నాయి. ఒకటి చికిత్స పూర్తయిందన్న కాగితం. ప్రభుత్వం ద్వారా మందులు వాడినవాళ్లకు నిక్షయ్ నంబరు ఉంటుంది, దానితో వివరాలు తీయించుకోవచ్చు. రెండోది పాత ఎక్స్‌రే. దీని విలువ చాలామందికి తెలియక పారేస్తారు. ఒక్క ఫిల్ములో కాలం కనిపించదు కానీ, మూడేళ్ల కిందటి ఫిల్మునూ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. గీత ఉన్నచోటే, ఉన్నంతే ఉందంటే అది ఆరిన మచ్చ అనడానికి బలమైన ఆధారం. కళ్లె పరీక్షను అది తప్పించకపోవచ్చు కానీ చదివే రేడియాలజిస్టుకు చాలా సాయం చేస్తుంది. సుగ్గికి వెళ్లే కుటుంబాల్లో చికిత్స మధ్యలో ఊరు మారి, మందులు ఒకచోట మొదలై ఇంకోచోట ముగిసి, కాగితాలు ఎక్కడా మిగలని పరిస్థితి ఉంటుంది. ఆ ఇళ్ల పిల్లలు పదేళ్ల తర్వాత వీసా క్లినిక్‌లో నిలబడినప్పుడు లోటుగా కనిపించేది ఆ కాగితాలే.

మిగతా దేశాల పరీక్షలు త్వరగా చెప్పుకోవచ్చు. బ్రిటన్ క్షయ ఒక్కటే చూస్తుంది. పదకొండేళ్ల లోపు పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే కూడా తీయరు, వైద్యుడు ప్రశ్నలడిగి తేలుస్తాడు. కెనడా, ఆస్ట్రేలియాలు ఎక్స్‌రేతో పాటు రక్త, మూత్ర పరీక్షలు కూడా చేయిస్తాయి, ఫలితాలను క్లినిక్కులు ఈ-మెడికల్ అనే వ్యవస్థలో నేరుగా పంపుతాయి. నెలసరి రోజుల్లో మూత్ర పరీక్షకు వెళ్తే రక్తం ఛాయలు కనిపించి మళ్లీ రమ్మంటారు, ఆ రోజులు తప్పించి వెళ్లడం మేలు. అమెరికాకు చదువుకో హెచ్1బీ మీదో వెళ్లేవాళ్లకు మామూలుగా ఈ పరీక్షే ఉండదు. గ్రీన్‌కార్డు దశలో వస్తుంది. అక్కడ ఎక్స్‌రే, సిఫిలిస్, టీకాల లెక్క ముఖ్యం. హెచ్ఐవీ పరీక్షను 2010 జనవరిలోనే తీసేశారు. గర్భిణులకు బ్రిటన్ మూడు దారులిస్తుంది. పొట్టకు సీసపు కవచం కట్టి ఎక్స్‌రే, ఎక్స్‌రే లేకుండా కళ్లె పరీక్ష, లేదంటే కాన్పయ్యేదాకా ఆగడం.

ఇక గడువు సంగతి. గల్ఫ్ రిపోర్టు రెండు నెలలు. బ్రిటన్ సర్టిఫికెట్ ఆరు నెలలు. అమెరికా వలస వీసాకు సాధారణంగా ఆరు నెలలు, ఎక్స్‌రేలో క్షయ అనుమానపు తరగతి పడితే మూడు నెలలే. కెనడా, ఆస్ట్రేలియాలకు పన్నెండు నెలలు. ఈ అంకెల వెనుక ఉన్న జీవశాస్త్రం ఒక్కటే. క్షయ సూక్ష్మజీవి ఒంట్లోకి చేరినా చాలామందిలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందిలో అది ఉందని అంచనా. వాళ్లలో జీవితకాలంలో రోగం పైకి తేలేది వందకు ఐదు నుంచి పది మందికి. తేలితే సోకిన మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. ఈ రోజు శుభ్రంగా ఉన్న ఎక్స్‌రే ఈ రోజు సంగతే చెబుతుంది, నిద్రలో ఉన్నదాన్ని చూపించదు. ఎంతకాలం దాన్ని నమ్మవచ్చో ప్రతి దేశమూ తనకు తాను గీసుకున్న గీతే గడువు. ఆ గీత జీవశాస్త్రం చెప్పిన కచ్చితమైన సంఖ్య కాదు కాబట్టే దేశానికో తీరుగా ఉంది.

ఈ లెక్కకు ఆధారం కూడా ఉంది. బయలుదేరే ముందు పరీక్షించి ఇంగ్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లకు వచ్చిన 5,19,955 మందిని గమనించిన అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వాళ్ల వల్ల ఇతరులకు క్షయ అంటుకునే ప్రమాదం చాలా స్వల్పమని తేలింది. కానీ వచ్చిన తర్వాత ఏడాదికి లక్షకు 147 మంది చొప్పున వాళ్లకే క్షయ బయటపడింది. అందులో ఎక్కువ భాగం నిద్రలేచిన పాత సూక్ష్మజీవే అని పరిశోధకులు భావించారు. పరీక్ష అవసరమూ, దాని హద్దూ రెండూ ఆ సంఖ్యల్లో కనిపిస్తాయి.

గడువు ఎన్ని నెలలన్న దానికంటే, కాగితం ఏ రోజు బతికుండాలన్నది తెలుసుకోవడం ముఖ్యం. ఇది దేశానికో రకం. బ్రిటన్‌కు వీసా దరఖాస్తు పెట్టే రోజున సర్టిఫికెట్‌కు గడువు ఉంటే చాలు. కెనడాలో స్థిరపడే వీసాకు అలా కాదు, ఆ దేశంలో దిగే నాటికి మెడికల్ గడువు మిగిలి ఉండాలి. అందుకే ఆ వీసా ముగిసే తేదీని సాధారణంగా మెడికల్ గడువును బట్టే వేస్తారు. అమెరికా వలస వీసా కూడా మెడికల్ గడువు దాటి చెల్లదు. అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసే తెలుగు కుటుంబాలకు మరో చిక్కు. అక్కడ సివిల్ సర్జన్ నింపే I-693 ఫారం గడువు నియమం ఇటీవలే రెండుసార్లు మారింది. 2023 నవంబరు 1 నుంచి సంతకమైన ఫారాలకు గడువే లేదని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2025 జూన్‌లో దాన్ని వెనక్కి తీసుకుని, ఏ దరఖాస్తుతో పెట్టారో అది పెండింగులో ఉన్నంత కాలమే చెల్లుతుందన్నారు. దరఖాస్తు తిరస్కరించినా, వెనక్కి తీసుకున్నా ఆ ఫారం చెల్లదు, మళ్లీ పరీక్షకు వెళ్లాలి.

గల్ఫ్ వాళ్లకు ఆ రెండు నెలల్లోనే వీసా స్టాంపింగ్ జరగాలి. పల్లెల్లో తరచూ జరిగే నష్టం ఇక్కడే. వీసా కాగితం ఇంకా రాకముందే ఏజెంటు ‘ముందు మెడికల్ చేయించేయ్, ఫిట్ అయితే చూద్దాం’ అంటాడు. ఫిట్ వస్తుంది. వీసా మూడో నెలకు వస్తుంది. రిపోర్టు గడువు దాటి ఉంటుంది. మళ్లీ స్లిప్పు, మళ్లీ రుసుము, మళ్లీ హైదరాబాదు ప్రయాణం. ముగింపు తేదీ రిపోర్టు మీదే అచ్చై ఉంటుంది. వీసా నంబరు చేతికి వచ్చాక మెడికల్‌కు వెళ్తే ఈ ఖర్చు ఒక్కసారితో పోతుంది.

పాత మచ్చ ఉందని ముందే తెలిసినవాళ్లు మాత్రం ఈ వరసను తిరగేసుకోవడం మంచిది. గల్ఫ్ కోసం ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందే, ఆదోని ప్రాంతీయ ఆసుపత్రిలోనో కర్నూలు పెద్దాసుపత్రిలోనో ఒక ఎక్స్‌రే తీయించి చూపించుకోవచ్చు. అది వీసాకు చెల్లదు, అందుకు తీయించుకునేదీ కాదు. అందులో మచ్చ స్పష్టంగా కనిపిస్తే, ఇప్పుడున్న నిబంధన కింద వాఫిద్ కేంద్రంలో ఏం రాస్తారో ముందే ఊహించవచ్చు. పొలం తాకట్టు పెట్టి లక్షలు కట్టాక తెలియడం కంటే, ఆసుపత్రి చీటీతో తెలుసుకుంటే ఆ కుటుంబానికి పొలమైనా మిగులుతుంది.